నూరీన్ మేడమ్ ఎక్కించిన కొత్తది

వికారాబాద్‌లో పొద్దున రైలెక్కి తాండూరులో దిగే నూరీన్, అక్కడి ఓ ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరు. పేరుకే కంప్యూటర్, మైకు మోగకున్నా, ప్రిన్సిపాల్ ఫోను మొరాయించినా ఆమెనే పిలుస్తారు. ఆ బడి ఇంగ్లిషులో పంపే ఉత్తరాలతో పల్లీల పొట్లాలు కడతారని తెలిసి, ఈసారి తల్లిదండ్రులకు తెలుగులోనే రాసింది.

"తరగతిలోని ట్యాబ్‌లలో ఇప్పుడున్న వెర్షన్‌కు భద్రతా సవరణలు రావడం ఆగిపోయింది. లెక్కల యాప్ కూడా సెలవుల తర్వాత దానిపై నడవదు. అన్నీ ఒకేసారి అప్‌డేట్ చేస్తే వైఫై ఆగిపోతుంది, పాఠాలు దెబ్బతింటాయి. అందుకని దసరా సెలవుల్లో పాతది దించి కొత్తది ఎక్కిస్తాం."

మర్నాడే గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. దిగింది ఏడో తరగతి మనీషా తండ్రి జంగప్ప. అది నాపరాళ్లు మోసే బండి.

"మేడమ్, పాతయి దించుతరట గద. నా బండిల తీస్కపోత, కిరాయి వద్దు. మా మనీషాది మాత్రం నాకియ్యండ్రి."

"ఏం ఇవ్వాలి జంగప్పన్నా?"

"గా ట్యాబే! పోరి మూడు నెలలసంది దాన్ల రాళ్ల మిల్లు బొమ్మలు గీస్తుంది. గీసి గీసి సినిమా లెక్క ఆడిస్తదట. బడి తెరవంగనే క్లాసుల చూపియ్యాలె. మీరు తీస్కపోయి పాతసామాన్ల పడేస్తే పిల్ల ఏడ్వదా?"

నూరీన్‌కు నవ్వాగలేదు. "ట్యాబ్ ఎక్కడికీ పోదన్నా. లోపలి సాఫ్ట్‌వేర్ మాత్రమే మారుతది. బొమ్మలు గట్లనే ఉంటయి."

"గట్లనే ఎట్లుంటయి? నిండు బండిల కొత్త రాయి ఎట్ల ఎక్కుతది?"

ఆమె నవ్వుతూనే పంపించింది. సెలవుల్లో ట్యాబ్‌లన్నీ ఛార్జింగుకు పెట్టి, కొన్ని కొన్నిగా అప్‌డేట్ చేస్తూ పోయింది. అన్నీ సాఫీగా మారాయి, మనీషాది తప్ప. తెర మీద ఒకటే మాట: చాలినంత చోటు లేదు. తెరిచి చూస్తే మిల్లు బొమ్మలు, రాయి కోసే ఒకే రంపం వందల భంగిమల్లో. అవి బడి ఖాతాలో ఎక్కడా లేవు, ఆ ట్యాబ్‌లోనే ఉన్నాయి. తొందరపడి ఖాళీ చేసేస్తే అంతే సంగతులు.

వెంటనే వాటిని బడి కంప్యూటర్లోకి ఎక్కించింది. ఒక్కోటి తెరిచి, సరిగ్గా వచ్చాయని చూసుకున్నాకే ట్యాబ్‌లోంచి తీసేసింది. ఈసారి అప్‌డేట్ ఎక్కింది.

జంగప్పకు ఫోను చేసింది. "అన్నా, నువ్వన్నట్టే దించినంకనే ఎక్కింది."

అవతల పెద్దగా నవ్వు. "మరి మేడమ్, ఇంగ ఆ కంప్యూటర్ జాగ్రత్త. దాన్లగిట్ల కొత్తది ఎక్కిస్తరా ఏంది?"

బడి తెరిచిన రోజు మనీషా గీసిన రంపం ప్రొజెక్టర్ వెలుగులో క్లాసు గోడ మీద తిరిగింది. చప్పుడు లేదని పిల్లలంతా నోటితోనే గర్రుమంటూ మోత పెట్టారు. ప్రిన్సిపాల్ పరుగెత్తుకొచ్చాడు, మైకు పాడైందేమోనని.