మాఫీ ఒక్కసారే

తొంభైల మొదట్లో మా కంపెనీ రూములు ఒమాన్‌లో, మస్కట్ పక్కనున్న అల్ అమెరాత్‌లో ఉండేవి. నేను ఆఫీసులో టైపిస్టుని. గోదావరి జిల్లా వాణ్ని. నాతో రూములో ఉన్న తాపీమేస్త్రీది కరీంనగర్ వైపు పల్లె. నన్ను సారూ అనేవాడు, వద్దన్నా మానేవాడు కాదు. గోడ కడితే గీత గీసినట్టుండేది గానీ, కలం పట్టుకుంటే మాత్రం అక్షరాలు కాగితం మీద తలో దారి పట్టేవి. అందుకని ఆయన ఇంటికి రాసే ఉత్తరాలు ఆయన చెప్పేవాడు, నేను రాసేవాణ్ని.

చెప్పటం అంటే ఏముంది, మాఫీలే. "జవాబు రాయలేకపోయిన, మాఫీ జెయ్యి. నీకు కోపమొచ్చి ఉంటది, మాఫీ జెయ్యి. నేను పాపిష్టోణ్ని, మాఫీ జెయ్యి." మధ్యలో నేను కలం పెట్టేసి మంచినీళ్లు తాగొచ్చేవాణ్ని. వచ్చేసరికి ఇంకో మాఫీ సిద్ధంగా ఉండేది.

ఈ మాట ఆయనకు సైట్‌లో కూడా ముప్పు తెచ్చింది. ఓ రోజు డ్యూటీకి ఆలస్యంగా వెళ్లి అరబ్ సూపర్‌వైజరు ముందు చేతులు కట్టుకుని "మాఫీ, మాఫీ" అన్నాడు. అరబ్బీలో ఆ మాటకు 'లేదు' అని అర్థం. సిమెంట్ లేదంటున్నాడనుకుని ఆ సూపర్‌వైజరు స్టోరు వాణ్ని చెడామడా తిట్టాడు. స్టోరు వాడు నెలరోజులు మేస్త్రీతో మాట్లాడలేదు.

అసలు సంగతికి వస్తాను. మేస్త్రీ భార్య పదో తరగతి పాసైంది. ఊళ్లో అంగన్‌వాడీ టీచరుగా ఆమెను ఎంపిక చేశారు. కరీంనగర్‌లో ఉండి మూడు నెలలు ట్రైనింగ్ చెయ్యాలి. మూడేళ్ల పాప ఉంది. అత్తగారు కూర్చోబెట్టి "నా కొడుకు పొమ్మంటే పో, లేకుంటే లేదు" అన్నారట. పోవాల్నా వద్దా అని ఆమె ఉత్తరం రాసింది. ఊళ్లో ఫోను ఒక్కరింట్లోనే ఉండేది, వాళ్లతో వీళ్లకు గట్టు తగాదా.

మేస్త్రీ అప్పుడు దూరాన సముద్రం ఒడ్డునున్న ఖురియాత్ సైట్‌లో ఉన్నాడు. ఉత్తరాలన్నీ మస్కట్‌లో కంపెనీ పోస్టు బాక్సుకే వస్తాయి. సామాన్ల బండి వెళ్లినప్పుడే అక్కడికి చేరతాయి. అలా కొంత ఆలస్యం. చేతికొచ్చాక, ఆలస్యమైందన్న సిగ్గుతో రాయకుండా ఇంకొంత ఆలస్యం. ఆఖరికి అక్కడే ఎవరిచేతో ఏరోగ్రాం రాయించాడు. ఆ నీలం కాగితం మడిచి అంటిస్తే అదే కవరు, ఉన్న చోటే చోటు. అదంతా మాఫీలతో నిండిపోయింది. అసలు జవాబు, 'పో' అన్న ఒక్క మాట, జిగురు అంటించే మడత మీదికి పోయింది.

దానికి ఆమె రాసిన జవాబు పట్టుకుని ఓ శుక్రవారం పొద్దున ఖురియాత్ నుంచి దిగాడు మేస్త్రీ. నేను పప్పు పోపు పెడుతున్నాను. చదివి పెట్టమన్నాడు. తనకు చదవటం రాక కాదు, ఒక్కడూ చదువుకునే ధైర్యం లేక.

ఆమె ఇలా రాసింది: "నీ ఉత్తరం పోస్టుమ్యాన్ చేతుల నుంచి అత్తమ్మ గుంజుకొని చింపింది. మడత ముక్క పోయింది, దొరకలే. ఉన్నదంత మాఫీ జెయ్యి అనే ఉన్నది. చదివి వినిపిస్తే అత్తమ్మ ఏడ్సింది. నా కొడుకు అక్కడ గంత బాధ పడుతుంటే నీకు ట్రైనింగ్ గావాల్నా అన్నది. నువ్వు మాఫీ అడుగుడు మంచిగనే ఉన్నది. నేను పోవాల్నా, వద్దా?"

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ట్రైనింగ్ వచ్చే నెల మొదట్లోనే. ఈసారి మాట చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. అదృష్టం కొద్దీ వాళ్ల పక్క ఊరి వెల్డర్ ఆ మధ్యాహ్నమే సెలవు మీద ఇంటికి బయల్దేరుతున్నాడు.

మేస్త్రీ తెల్ల కాగితాల దస్తా కొనుక్కుని మరీ వచ్చాడు. "ఇయ్యాల జాగకు కరువు లేదు సారూ. నాలుగు పేజీలు మాఫీ రాసి, ఆఖరుకు పొమ్మని రాద్దాం."

"రాయను" అన్నాను.

"అట్లంటే ఎట్ల సారూ? ఎంత లేటయితే అంత మాఫీ అడగాలె గదా?"

"ఆఫీసులో నేను రోజూ చేసే పని ఇదేనయ్యా. మన మేనేజరు జవాబులన్నీ ఆలస్యంగానే ఇస్తాడు. ఆలస్యానికి ఒక్క ముక్క, ఆ వెంటనే వాళ్లడిగినదానికి జవాబు. అంతకు మించి టైపు చేస్తే కాగితం నా మొహాన కొడతాడు."

"ఆయనకేంది, పెండ్లాముకు రాస్తుండా?"

పోపు మాడింది. గిన్నె దించాను కానీ పట్టు వదలలేదు. "నీ తప్పు ఒకసారి ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు. నాలుగు పేజీలు ఒప్పుకుంటే, ఆమె తన పని మానుకుని నిన్ను ఓదార్చాలి. మీ అమ్మ మళ్లీ ఏడుస్తుంది. ఆ ఏడుపులో నీ జవాబు ఎవరికి వినబడుతుంది?"

మేస్త్రీ దస్తాలోంచి ఒక్క కాగితం తీసి నా ముందు పెట్టాడు. తర్వాత ఒక్కో మాటే చెప్పాడు, నేను అలాగే రాశాను.

"జవాబు లేటయింది, తప్పు నాదే. నువ్వు ట్రైనింగ్‌కు పో. పాప మూడు నెలలు అమ్మ దగ్గర ఉంటది. అమ్మా, నేనే పొమ్మంటున్న."

ఆ కింద ఉన్న ఖాళీ చూసి ఆయన ప్రాణం విలవిల్లాడింది. "మరీ మొండోడు రాసినట్టున్నది సారూ. ఒక్క మాఫీ…"

"జవాబు అయిపోయింది. ఇక కింద నీ ఇష్టం. మాఫీ తప్ప ఏదైనా చెప్పు."

ఖురియాత్‌లో రోజూ చేపలే తింటున్నానని చెప్పాడు. సముద్రం పక్కనే కడుతున్న బడి గురించి, పాప కోసం ఏరిన గవ్వల గురించి చెప్పాడు. ఇన్నేళ్లలో ఆయన ఉత్తరంలో కబుర్లుండటం అదే మొదలు. వెల్డర్ జేబులో ఉత్తరం పెట్టి, ఆ జేబు కుట్టెయ్యమని ప్రాణం తీశాడు. టాక్సీ వెళ్లిపోయాక నా వంక అనుమానంగా చూసి, "ఆమెకు కోపమొచ్చి పోకుంటే నీదే బాధ్యత సారూ" అన్నాడు. పప్పు మాడు వాసన వస్తున్నా ఇద్దరం తిన్నాం.

తర్వాతి వారాలు నాకూ బితుకుబితుకుమంటూనే గడిచాయి. ఒకరి సంసారంలో ఆఫీసు పద్ధతి దూర్చానే అని. ఎండలు ముదిరాక ఓ రోజు పోస్టు సంచిలో ఆయన పేరిట ఏరోగ్రాం కనబడింది. ఆ వారం ఆయన మా దగ్గరే ఉన్నాడు. సాయంత్రం చేతికిస్తే, చింపకుండా బ్లేడు తెచ్చి మూడు వైపులా మెల్లగా కోశాడు. ఈసారి తనే చదివాడు, పైకి.

"రాసుడు లేటయింది, ట్రైనింగ్‌ల తీరిక లేదు. నీ ఉత్తరం చదివితే అత్తమ్మ గింతేనా అన్నది. గింతే అన్న. తర్వాత పాప బట్టలు ఏవేవో చూపియ్యమన్నది."

మిగతాది లోపల చదువుకున్నాడు. చదవటమయ్యాక కాగితం మడిచి, వెనక్కి తిప్పి, పంపినవారి చిరునామా దగ్గర వేలు పెట్టి ఉండిపోయాడు.

"ఏమైందయ్యా?"

"ఇన్నొద్దులు ఈడ నా పేరు రాసి, 'గారి భార్య' అని పెట్టేది సారూ. ఇప్పుడు ఆమె పేరే రాసింది." వేలితో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఆ పేరు చదివాడు. మళ్లీ చదివాడు. "పెండ్లయినంక ఈ పేరు రాసి ఉంటే చూసుడు నాకు ఇదే మొదలు" అన్నాడు.