రెట్టింపు ఇస్తేనే చవక

మా కొబ్బరి పొడి ఫ్యాక్టరీ ఆఫీసులో అందరికంటే తానే తెలివైనవాణ్ణని నమ్మే మనిషి ఒకాయన ఉండేవారు. ఆయన క్యాషియర్. నుదుటిమీదికి కళ్ళజోడు ఎత్తుకుని, ఎదుటివాడు అడగకపోయినా సలహా ఇచ్చేవారు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను అక్కడ జీతాల లెక్కలు చూసేదాన్ని. నేను చేరడానికి ముందే ఆయన స్టాఫ్ అందరినీ కూడగట్టి ఒక ఘనకార్యం చేశారు. పీఎఫ్ కోత పడేది బేసిక్, డీఏల మీద. ఆ రెండూ తగ్గించి, తగ్గిన మేరకు స్పెషల్ అలవెన్సు పెంచితే మొత్తం జీతం అంతే ఉంటుంది, కోత తగ్గుతుంది, చేతికి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి. అలా చేయమని అందరి చేతా అర్జీ పెట్టించారు. మేనేజర్ ఆ పూటే ఒప్పుకున్నాడట. ఎందుకు ఒప్పుకోడు? కంపెనీ కట్టే పీఎఫ్ వాటా కూడా అంతే తగ్గింది. మేనేజర్ అంత తేలిగ్గా ఇచ్చింది ఏదైనా ఒకసారి తిరగేసి చూసుకోవాలని అంతమంది చదువుకున్న వాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. పైగా ఆ నెల జీతాల రోజున పూతరేకులు పంచుకున్నారట. ఆ పూతరేకుల రుచి గురించి నాకు చాలాసార్లు చెప్పారు.

వాళ్ళు చూసుకోనిది ఓటీ, అంటే ఓవర్‌టైమ్ సంగతి. నెల జీతం తీసుకునే ఆఫీసు స్టాఫ్‌కి ఓటీ ఎలా కట్టాలో నియామక పత్రంలోనే రాసి ఉంటుంది. బేసిక్, డీఏ కలిపి ఇరవై ఆరు రోజులతో భాగించాలి, దాన్ని ఎనిమిది గంటలతో భాగించాలి, వచ్చినదాన్ని రెట్టింపు చేయాలి. ఇంటద్దె, ప్రయాణ ఖర్చు, స్పెషల్ అలవెన్సు ఏవీ అందులోకి రావు. అంటే బేసిక్ తగ్గినప్పుడే ఓటీ కూడా తగ్గింది. అడిగితే క్యాషియర్ గారు చెయ్యి విదిలించేవారు. "డబులిస్తన్నారు కదండీ, ఇంకేంటండీ బాధ?" అనేవారు. డబుల్ అన్న మాట వినపడితే చాలు, దేనికి డబులో అడిగే అలవాటు మా ఆఫీసులో ఎవరికీ లేదు.

ఆ ఓటీ అంతా పడేది ఒక్క మనిషి మీద. బిల్లింగ్ చూసే ఆవిడ. నేను అక్కగారూ అని పిలిచేదాన్ని. లారీలకి లోడింగ్ మధ్యాహ్నం మొదలై చీకటి పడేదాకా సాగేది. లోడు పూర్తయితే గానీ తూకం తేలదు, తూకం తేలితే గానీ బిల్లు రాదు, బిల్లూ, సరుకు రవాణాకి తీసే ఈ-వే బిల్లూ లేకుండా లారీ గేటు దాటదు. కాబట్టి అందరం బ్యాగులు సర్దుకుని వెళ్ళిపోయే వేళకి ఆవిడ అసలు పని మొదలయ్యేది.

ఆవిడ భర్త గల్ఫ్‌లో స్టోర్ కీపరుగా చేసి, ఆ కంపెనీ మూతపడి ఇంటికి వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళడం అతనికి ఇష్టం లేదు, పంపడం ఈవిడకి అంతకన్నా ఇష్టం లేదు. బిల్లింగ్‌కి రెండో మనిషిని వేస్తామని మేనేజర్ అంటూ ఉండేవాడు. ఓటీకి డబుల్ ఇచ్చుకోవడం దండగని అతనికీ గట్టి నమ్మకం. ఆ పోస్టు వేస్తే అందులో భర్తని పెట్టించుకోవాలని అక్కగారి ఆశ. దరఖాస్తు కూడా తీసుకున్నారు.

ఆగిపోయిన ఆ సంగతిని కదిలించమని ఆవిడ క్యాషియర్ గారిని బతిమాలింది. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, ఓటీ ఖర్చూ కొత్త పోస్టు ఖర్చూ పక్కపక్కన వేసి కాగితం ఇమ్మన్నారు. వేశాను. వేసి చల్లబడిపోయాను.

అక్కగారి మొత్తం జీతం ముప్ఫై ఒక్క వేల రెండు వందలు. గంటకి నూట యాభై పడుతుంది. అందులో బేసిక్, డీఏ కలిపి పదమూడు వేల అయిదు వందల ఇరవై. దాన్ని గంటకి చేస్తే అరవై అయిదు. రెట్టింపు చేస్తే నూట ముప్ఫై. అంటే మామూలు గంటకంటే రెట్టింపు గంటే కంపెనీకి చవక. కొత్త మనిషికి అదే స్కేలు ఇవ్వాలి, పీఎఫ్ కట్టాలి, లారీలు రాని రోజుల్లోనూ జీతం ఇవ్వాలి.

"ఇది పైకి తీసికెళ్ళొద్దండీ. ఇది చూస్తే ఉన్న ఆలోచన కూడా మానేస్తారు," అన్నాను.

"మీకు తెలీదండీ, మీరు కొత్త. డబుల్ కంటే సింగిల్ ఎక్కువెలా అవుద్దండీ? మీరెక్కడో తప్పేసేరు," అని కాగితం లాక్కున్నారు. చదవలేదు. చదివితే ఆయన క్యాషియర్ గారు ఎలా అవుతారు?

నేను వెనకే వెళ్ళాను. మేనేజర్ గదిలో ఆయన నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టారు. "సార్, కంపెనీ మేలు కోరి చెప్తన్నానండి. గంట గంటకీ డబులిచ్చి ఎంత నష్టపోతన్నామో ఈ కాగితంలో ఉందండి. తమరే చూడండి."

మేనేజర్ చూశాడు. క్యాలిక్యులేటర్ తీసి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. అతని మొహం మెల్లగా విచ్చుకోవడం చూస్తుంటే నాకు వెగటు పుట్టింది.

"ఏవండీ, ఇన్నాళ్ళూ నేనే ఉత్తినే భయపడ్డానండి. మనిషెందుకండీ ఇంక? బిల్లింగ్ మేడంగారికి ఇంకో గంట పెంచుదాం. మంచి కాగితం తెచ్చేరండి," అన్నాడు.

"ఆయ్," అన్నారు క్యాషియర్ గారు. నిజంగా అదే అన్నారు. మెచ్చుకున్నారన్న సంతోషంలో ఏం జరిగిందో ఆయనకి తెలియనే లేదు.

బయట అక్కగారు నిలబడి ఉంది. నేనే చెప్పాను. ఆవిడ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. "మరి డబులంటారేంటండీ దాన్ని?" అని మాత్రం అడిగింది. క్యాషియర్ గారు బయటికి వచ్చి, "మనం ప్రయత్నం చేసేం కదమ్మా, ఆపైన మన చేతుల్లో ఏముంది," అని ఆవిడని ఓదార్చారు. ఆ క్షణంలో ఆయన నుదుటి మీదున్న కళ్ళజోడు తీసి కింద వేసి తొక్కాలనిపించింది. తొక్కలేదు, ఉద్యోగం కావాలి కదా.

జీతాల అమరిక మళ్ళీ పాత పద్ధతికి మార్చమని కొత్త అర్జీ పెడదామని నేను అందరినీ అడిగాను. పీఎఫ్ కోత మళ్ళీ పెరుగుతుందని ఒకరు, మాకు ఓటీ పడదు కదా అని ఇంకొకరు తప్పుకున్నారు. చేతికొచ్చే ఆ నాలుగు రూపాయల కోసం పక్క బల్ల మనిషి సాయంత్రాలన్నీ అమ్మేసిన వాళ్ళు, గేటు దగ్గర మాత్రం "పాపం అక్కగారండీ" అని నిట్టూర్చేవారు. అలాంటి జాలి కంటే తిట్టు నయం.

అక్కగారి భర్తకి మళ్ళీ వీసా వచ్చింది. అతను బయల్దేరే రోజున రాజమండ్రి దాకా వెళ్ళి సాగనంపి వస్తానని ఆవిడ ముందే చెప్పి పెట్టుకుంది. సరిగ్గా ఆ సాయంత్రం రెండు లారీలు లోడై నిలబడ్డాయి. బిల్లు వేయడం వచ్చిన రెండో మనిషి ఆఫీసులో లేడు. ఊరి నుంచి భర్త ఎక్కిన కారు కదిలిందని ఫోన్ వచ్చినప్పుడు ఆవిడ ఈ-వే బిల్లులో లారీ నంబరు కొడుతోంది. ఒక చేత్తో ఫోన్ చెవికి పెట్టుకుని, రెండో చేత్తో మిగతా అంకెలు కొట్టింది.

ఆ సాయంత్రానికి ఓటీ మూడు గంటలు. నెలాఖరున నేనే వేశాను, రెట్టింపు రేటులో, మూడు వందల తొంభై రూపాయలు.