పది నిమిషాలు ముందున్న సర్వరు

గడియారం తప్పు నడిస్తే గడియారాన్ని తిట్టకూడదు. చూసుకోవలసిన మనిషిని తిట్టాలి. అమలాపురంలో గోడ గడియారాలు బాగుచేసే రోజుల్లోనే నాకీ సంగతి తెలిసింది. నా బడి చదువు అయిదో తరగతితో సరి. మిగతాది పాడైన యంత్రాలే నేర్పాయి. ఎండాకాలం లోలకం కడ్డీ వేడికి సాగి గడియారం వెనకబడేది, చలికాలం ముందుకు పోయేది. ఏ ఇంటి గడియారం రోజుకి ఎన్ని సెకన్లు తప్పుతోందో నోటు పుస్తకంలో రాసుకుని, లోలకం కింద మరను ఆ మేరకే తిప్పేవాణ్ణి. కొట్లో పదిహేను గడియారాలు ఒకేసారి గంటలు కొట్టిన రోజు, ఎవరూ మెచ్చుకోకపోయినా నాకు పండగే.

బ్యాటరీ గడియారాలొచ్చి ఆ కొట్టు మూతపడింది. నేను కంప్యూటర్లు నేర్చుకుని ఒక ప్రైవేటు కాలేజీలో సర్వరు చూసే పనికి కుదిరాను. చూస్తే దాన్లోనూ గడియారమే! లోలకం బదులు చిన్న స్ఫటికం కంపిస్తూ ఉంటుంది. దాని నడకా వేడికి మారుతుంది. రేకుల గదిలో ఉన్న మా సర్వరు రోజుకి రెండు సెకన్లు ముందుకు పరిగెత్తేది. క్రోనీ అనే ప్రోగ్రాం ఇంటర్నెట్లో ఉండే నమ్మకమైన గడియారాలని అడిగి, తేడా కొలిచి, నడకని సరిదిద్దుతుంది. ఎంత తప్పుతోందో ఒక ఫైల్లో రాసుకుంటుంది కూడా. ఆ ఫైలు మొదటిసారి చూసినప్పుడు నా నోటు పుస్తకం మళ్ళీ చేతికొచ్చినట్టయింది.

అలాంటి క్రోనీ మీద చెయ్యి వేశాడొక పెద్దమనిషి.

కెమిస్ట్రీ చెప్పే కాంట్రాక్టు లెక్చరరు ఒకావిడ, సాయంత్రం అయిదు లోపల పిల్లల మార్కులు సర్వరులో ఎక్కించాలి. ఎక్కించలేదు. మర్నాడు ఆఫీసు సూపరింటెండెంటు మెమో ఇచ్చాడు. కాంట్రాక్టు పొడిగించడానికి సిఫారసు చెయ్యడట. ఆవిడ మెమో పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"అయిదుకి ముందే కూర్చున్నానండి బాబాయిగారూ. ఫోనులో వచ్చిన ఆరంకెల నంబరు మూడుసార్లు కొట్టేను. తప్పంది, లాక్ చేసేసింది. మీకు ఫోను కూడా చేసేను."

చేసింది. ఆ వేళ నేను పలివెల ఊళ్ళో వేరే పని మీద ఉండి ఎత్తలేదు. నా ఫోనులో ఆ కాల్ నాలుగూ యాభై ఆరుకి ఉంది. ఇద్దరం సూపరింటెండెంటు గదికి వెళ్ళాం. ఆయన సర్వరు రాసుకున్న చిట్టా అచ్చువేసిన కాగితం తోశాడు.

"ఆయ్, చూడండి. మొదటిసారి కొట్టడమే అయిదూ నాలుక్కి. మూడోసారి అయిదూ ఆరుకి. లాగు అబద్ధం ఆడదండి."

"లాగు కాదండి, లాగ్. లాగు మీరు చిన్నప్పుడు తొడుక్కున్నది. నంబరు తప్పిందని అయిదు కాకముందే నాకు ఫోను చేసిన మనిషి, అయిదు దాటేక తప్పు కొట్టడం ఎలాగండి?"

సర్వరు తెర తెరిచి నా ఫోను పక్కన పెట్టాను. సర్వరు పదకొండు నిమిషాలు ముందుంది. క్రోనీని అడిగితే పలకలేదు. పాత నమోదులు వెతికాను. నెల కిందట టైము మార్చి, క్రోనీని ఆపేసినది సూపరింటెండెంటు లాగిన్ నుంచే. మిగతా లెక్చరర్లు అంతకు ముందే మార్కులు ఎక్కించేశారు, ఆ తరవాత ఆరంకెల నంబరు కొట్టవలసి వచ్చింది ఈవిడొక్కతికే. అత్యవసరానికని ఆ ఆదేశాలు కాగితం మీద రాసిచ్చినవాణ్ణి నేనే. నన్ను నేనే తిట్టుకున్నాను.

"ముందుకి పెడితే, అది రెండు గంటల్లో మళ్ళీ వెనక్కి లాక్కునేదండి!" అన్నాడాయన. "విసుగొచ్చి ఆపేసేను. పది నిమిషాలే కదండీ. హాజరు మెషిను ఆ టైమే చూపిస్తుంది, అందరూ బెల్లు లోపల వస్తారని. చిన్నప్పుడు రామచంద్రపురంలో చదువుకి ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేవాళ్ళం. తప్పిపోకుండా మా నాన్నగారు ఇంట్లో గడియారం పది నిమిషాలు ముందే ఉంచేవారండి."

ఆ అలవాటు నాకు తెలియంది కాదు. రేవు దగ్గరి ఇళ్ళవాళ్ళు నా కొట్టుకొచ్చి, "పంటు టైము పెట్టండి" అనే అడిగేవారు. నవ్వుతూ పెట్టిచ్చేవాణ్ణి. ఒక్క క్షణం కోపం చల్లారింది కూడా. పక్కన ఆవిడ చేతిలో మెమో కనబడి మళ్ళీ రాజుకుంది.

"ఇంట్లో గడియారం ముందుంటే పంటు అందుతుందండి. ఇది తలుపు తీసే గడియారం. ఈవిడ ఫోనూ, సర్వరూ ఎవరికి వారే ఒకే రహస్యం నుంచీ, ఆ క్షణం టైము నుంచీ నంబరు కడతాయి. అర నిమిషానికో నంబరు మారిపోతుంది. ఒకటి అటూ ఇటూ అయితే సర్దుకుంటుంది గానీ, మీరు పెట్టిన పదీ, క్రోనీ లేక నెల్లాళ్ళలో దానంతటది పరిగెత్తిన ఒకటీ, పదకొండు నిమిషాలు సర్దుకోదు. నంబరు కాదనిపించిందీ మీ టైమే, ఆలస్యమని సాక్ష్యం చెప్పిందీ మీ టైమే!"

క్రోనీని మళ్ళీ మొదలుపెట్టాను. నడుస్తుండగా తేడా వస్తే మెల్లగా సర్దుతుంది. కొత్తగా మొదలైనప్పుడు మాత్రం, మేము పెట్టిన నియమం ప్రకారం, ఒక్క గెంతులో సరిచేస్తుంది. గడియారం వెనక్కి వచ్చింది. లాక్ తీశాను. ఆవిడ ఫోను చూసి ఆరంకెలు కొట్టింది. తలుపు తెరుచుకుంది.

సూపరింటెండెంటు మెమో మీద "సాంకేతిక లోపం వలన ఉపసంహరించడమైనది" అని రాశాడు.

"లోపం యంత్రానిదా?" అన్నాను.

ఆయన నా మొహం చూసి, మొదటి మూడు మాటలూ కొట్టేసి, "సర్వరు సమయము నేను మార్చినందువలన" అని రాసి సంతకం పెట్టాడు. ఆవిడ రెండుసార్లు చదువుకుని, కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, మొదటి పిల్లవాడి మార్కులు ఎక్కించడం మొదలుపెట్టింది.