ఒకే పెంకకు రెండు చీటీలు

డిగ్రీ అయిపోయిన ఏడాది నార్కట్‌పల్లిలో, హైవే పక్కనున్న గిన్నెల దుకాణంలో పనికి కుదిరాను. ముందు వైపు ఊళ్ల నుంచి వచ్చే వాళ్లకు స్టీలు, అల్యూమినియం, ఇనుప సామాను. పక్కన కొత్తగా కట్టిన అద్దాల గది, విజయవాడకో హైదరాబాదుకో పోతూ కార్లు ఆపుకునే వాళ్ల కోసం. పొద్దున పొగమంచులో ఆ గది రోడ్డు మీద తేలుతున్న దీపంలా కనిపించేది.

మా సేటు రెండు చోట్లా ఒకే పోత ఇనుము పెంక, అంటే రొట్టెలు కాల్చే పెనం, పెట్టాడు. ఒకే కార్ఖానా సరుకు. అద్దాల గదిలో దానికి అట్టపెట్టె, నూలు సంచి ఉంటాయి. బయట ఊరికే ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి.

"నువ్వు తెలుగు మంచిగ రాస్తవు గద బిడ్డా. రెండు దిక్కులకు రెండు చీటీలు రాయి," అన్నాడు.

"పెంక ఒక్కటే గద సేటు?"

"పెంక ఒక్కటే. కొనెటోళ్లు ఒక్కటి గాదు."

కొన్నాళ్లు వాళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఊరి ఆడవాళ్లు పెంకను తిరగేసేవారు, చేత్తో బరువు చూసేవారు, పిడి గుంజి చూసేవారు, ధర అడిగేవారు. కార్ల వాళ్లు వేలితో అంచు నిమిరి, ఎక్కడ చేశారని అడిగేవారు. ధర అడగడానికి కొంచెం మొహమాటపడేవారు.

బయటి చీటీలో ధర పైన పెట్టి ఇలా రాశాను: "పోత ఇనుము పెంక. కట్టెల పొయ్యికీ గ్యాసుకూ పనికొస్తుంది. జొన్నరొట్టె, దోసె వేసుకోవచ్చు. వాడాక తుడిచి నూనె రాస్తే తుప్పు పట్టదు. కింద పడితే పగులుతుంది, జాగ్రత్త."

లోపలి చీటీలో ధర అడుగున చిన్నగా పెట్టాను: "ఇది తొందరపడదు. నిదానంగా వేడెక్కి, ఆ వేడిని చాలాసేపు దాచుకుంటుంది. తడిచేత్తో తట్టిన రొట్టె దీని మీద పొంగేటప్పుడు ఇల్లంతా జొన్నచేను వాసన నిండుతుంది. రోజూ మీరు రాసే నూనె దీని నలుపులో నిలిచి, ఏళ్లు గడిచేకొద్దీ ఇది మీ చేతికి మాత్రమే అలవాటవుతుంది." రాస్తుంటే మా అవ్వ పొయ్యి ముందు కూర్చున్నట్టే అనిపించింది.

ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మి పెద్దవాన పట్టింది. బస్సు కోసం నిలబడిన వాళ్లంతా దుకాణంలోకి వచ్చారు. కేతేపల్లి నుంచి అప్పుడప్పుడు వచ్చే ఒక అక్క, పొలం పనుల మనిషి, జాగా లేక అద్దాల గదిలోకి నడిచింది. వాన నీళ్లు అద్దాల మీద జారుతుంటే లోపలి వెలుతురు చెరువు అడుగున ఉన్నట్టు పచ్చగా కదిలింది. ఆమె పెంక ముందు ఆగి, అక్షరం అక్షరం కూడుకుంటూ చీటీ చదివింది. చివరిదాకా చదివి, మళ్లీ మొదలుపెట్టింది.

"గిది ఎవలు రాసిండ్రు?"

"నేనే అక్కా."

"రోజు రొట్టెలు చేస్తనే ఉన్న. పొంగేటప్పుడు నాకు గిట్లనే అనిపిస్తది. గానీ దాన్ని చెప్పొచ్చని ఎరుక లేదు." అద్దం అవతల పేర్చిన పెంకల వైపు, వాటి చీటీ వైపు చూసింది. "బయట పెట్టినయి గూడ గీ పెంకలేనా?"

"అవే అక్కా. ఇక్కడ పెట్టె, సంచి ఎక్కువ. అంతే."

"మరి మాకు పగులుతదని రాసినవ్, వాళ్లకు జొన్నచేను రాసినవ్."

ఆమె మాటలో కోపం లేదు. అడిగింది, అంతే. ఇంతలో సేటు వచ్చి సంగతి విన్నాడు. ఏమంటాడోనని భయపడ్డాను.

"జొన్నరొట్టె చేసెటోళ్లకు మళ్ల జొన్నరొట్టె ముచ్చట ఎందుకని ఊకున్నం," అన్నాడు నెమ్మదిగా.

"చేసెటోళ్లకే గద సేటు ఇంపుగుండేది," అంది ఆమె.

ఆమె బయటి పెంకే కొన్నది. పెట్టె వద్దన్నది, చీటీ కావాలన్నది. లోపలి మాటలన్నీ ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసిచ్చాను. కింద, పడితే పగులుతుందని కూడా చేర్చాను. ఆమె దాన్ని కొంగులో కట్టుకుని, పెంకను నెత్తిమీద బోర్లించుకుని వానలోకి దిగింది. చినుకులు ఇనుము మీద పడి టకటకమన్నాయి. ఆమె నవ్వుకుంటూ బస్సెక్కింది.

మరునాడు సేటు నన్ను పిలిచాడు. "గామెకు రాసిచ్చినట్టే ఒక్కటే చీటీ రాయి. రెండు దిక్కుల గదే పెడదాం. ధర పైననే ఉండనీ."

అమ్మకాలు పెరిగాయో తగ్గాయో నాకు గుర్తులేదు. బయటి చీటీ ముందు మాత్రం ఆడవాళ్లు కొంచెం ఎక్కువసేపు నిలబడేవారు. చదవడం వచ్చిన వాళ్లు రాని వాళ్లకు వినిపించేవారు. రోడ్డు మీద లారీలు పోతుంటే మధ్యలో మాట వినపడకపోయేది. "ఏందీ, ఇంకోపాలి చెప్పు," అని అడిగేవారు. చదివే ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పేది.