చెయ్యి కాదు, ముత్యం

నెల్లూరులో ఒక చిన్న కంపెనీ ఫోన్లలో ఆడే పజిల్ గేమ్ తయారుచేస్తుంటే, అందులోని తెలుగు మాటలు రాయడానికి నన్ను తీసుకున్నారు. ఒకే రంగు ముత్యాలు మూడు పక్కపక్కన చేరితే మాయమయ్యే ఆట అది. ఎలా ఆడాలో చెప్పే మాటలు రెండు వరుసలు దాటకూడదు, పాఠం చెప్తున్నట్టు ఉండకూడదు. మొదట్లో నేను “మూడు ముత్యములను ఒకే వరుసలోనికి చేర్చినయెడల” అని రాస్తే, మా టీమ్ లీడ్ అందరికీ చదివి వినిపించి నవ్వాడు. చివరికి “ఒకే రంగువి మూడు కలపండి” దగ్గర ఆగాను.

ఆటను పరీక్షించడానికి, ఫోన్‌లో ఎప్పుడూ ఆటలు ఆడనివాళ్లను ఎవరినైనా ఒకరిని తెమ్మన్నాడు లీడ్. మా అమ్మను పిలుచుకెళ్లాను. అమ్మ బోగోలులో ఎండుచేపలు అమ్ముతుంది. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది.

ఫోన్‌నూ, దాని మీద కదిలే అమ్మ చేతినీ వీడియో తీశారు. అమ్మ “ఒకే రంగు” వరకు చదివేసరికి ఆ వాక్యం మాయమైంది. ముత్యాన్ని ఎటు జరపాలో చూపిస్తూ తెర మీద ఒక చెయ్యి బొమ్మ కదులుతోంది. అమ్మ ముత్యాన్ని వదిలేసి ఆ చేతినే పట్టుకోబోయింది. అది పక్కకు జరిగిపోయింది. మళ్లీ వెంటపడింది.

“చెయ్యి కాదమ్మా, ముత్యం” అన్నాడు లీడ్, పక్కవాళ్లకు కన్నుగీటుతూ.

ఆ పరీక్ష వల్ల ఆట బాగుపడిన మాట నిజమే. ముత్యం జరిపేదాకా వాక్యం పోకుండా చేశారు. “ప్రయత్నించండి”లో వత్తులు బటన్ అంచున తెగిపోతున్నాయని నేను చెబితే, “ఇంకోసారి ఆడండి” అని మార్చారు. తప్పుచోట నొక్కితే చిన్న గడిలో “చెయ్యి కాదు, ముత్యం” అని వస్తుంది. నన్నే రాయమన్నారు, రాశాను.

ఆట విడుదలైన రోజు అమ్మను పిలిపించి ముందు వరుసలో కూర్చోబెట్టారు. శాలువా కప్పాక గోడ మీద ఆ వీడియో వేశారు. బొమ్మ వెంట అమ్మ వేలు పరుగెత్తే ముక్కను, వెనక పాట పెట్టి, తిప్పి తిప్పి చూపించారు. హాలంతా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. ఆ వేలు ఎవరిదో తెలిశాక ఆపేసింది. కుడిచెయ్యి శాలువాలోకి లాక్కుంది.

బోగోలుకు దగ్గరి స్టేషన్ బిట్రగుంట దాకా రైల్లో వెళ్లాం. దిగేముందు అమ్మ అడిగింది.

“నా చెయ్యి అంత నల్లగా ఉండాదా?”

“వీడియోలో అట్టా పడిందిమా” అన్నాను.

“సరేలే” అంది. ఆ శాలువాను మళ్లీ ముట్టుకోలేదు. ఫోన్ మోగితే పక్కింటావిడ చేత ఎత్తిస్తోంది.

తర్వాతి ఆట మొదలుపెట్టినప్పుడు లీడ్ అమ్మను మళ్లీ తెమ్మన్నాడు. రాదన్నాను.

“అట్టాంటామెనే ఇంకొకర్ని చూడు” అన్నాడు, తన ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.