బొత్తాం నొక్కినా ఆగని పాట

మెరుపు ముందు మెరిసి ఉరుము తర్వాత ఉరమడం చూసి, "శబ్దం బొమ్మకి అతకలేదు, మళ్ళీ చెయ్యి" అని దేవుడికే కబురు పెట్టిన మనిషి మా అమ్మమ్మ. ఆయన ఇంకా సరిచేయలేదంటే, భయపడి ఎక్కడో దాక్కున్నాడని అర్థం.

సినిమాలకు శబ్దాలు కూర్చడం ఆమె పని. ముప్పై ఏళ్ళుగా అదే గది, అదే కుర్చీ, అదే కోపం. పని మొదలుపెట్టగానే తలుపు బిగించేస్తుంది కాబట్టి స్టూడియోలో చాటుగా ఆమెను గొళ్ళెం అంటారు. పదో తరగతి రెండుసార్లు తప్పిన నన్ను మాత్రం లోపలికి రానిస్తుంది. "నీకేమీ తెలీదు కాబట్టి నీ చెవులింకా పాడవలేదు" అంటుంది. దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

సినిమాలో పాట రెండు రకాలట. చదువుకున్నవాళ్ళు డైజెటిక్, నాన్‌డైజెటిక్ అని పేర్లు పెట్టారు. నాకు నోరు తిరగదు. అమ్మమ్మ 'ఇంట్లో పాట', 'పైన పాట' అంటుంది. కథలోని మనుషులకు కూడా వినిపించేది ఇంట్లో పాట. చూసే మనకు మాత్రమే వినిపించేది పైన పాట.

గొడవంతా ఒక్క నిమిషం సీను గురించి. ఒకావిడ భర్తను ఆసుపత్రిలో పోగొట్టుకుని ఇంటికొస్తుంది. పొద్దున ఆయన ఆపడం మరిచిపోయిన రేడియో వంటింట్లో ఇంకా మోగుతుంటుంది. హుషారు పాట. ఆవిడ కాసేపు నిలబడి రేడియో కట్టేస్తుంది. మాటల్లేవు.

దానికి అమ్మమ్మకు నాలుగు రోజులు పట్టింది. పాటను మా వంటింట్లోని పాత రేడియో స్పీకరులోంచి మోగించి, మైకు హాల్లో పెట్టి రికార్డు చేసింది. చిన్న స్పీకరులో బరువైన మోతలు పలకవు, గొంతు ముక్కుతో పాడినట్టుంటుంది. గోడలకు తగిలి వచ్చే మోత కూడా అందులో కలుస్తుంది. తలుపు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి. మూసిన తలుపు వెనక సన్నని మోతలన్నీ చచ్చిపోయి, పాట దుప్పటి కప్పుకున్నట్టు వినిపించింది.

"వినబడితే చాలదా అమ్మమ్మా? ఎందుకింత తంటా?"

"ఒరేయ్, పైన పాట మన భుజం మీద చెయ్యేసి 'ఇప్పుడు ఏడువు' అని చెప్తుంది. ఆవిడకి ఆ సంగతే తెలీదు. ఇదలా కాదు. ఆవిడ చెవిలోనే పడుతోంది. ఆయన పోయాడని రేడియోకి తెలీదు, హాయిగా పాడుకుంటోంది. ఆవిడ భరించాలి, లేదా ఆపాలి. మనం ఆవిడ పక్కనే నిలబడి వింటాం. అందుకే గుచ్చుకుంటుంది."

విడుదలకు వారం ముందు, తెలిసినవాళ్ళకు ఒక ఆట వేశారు. అమ్మమ్మతో నేనూ వెళ్ళాను. తెర మీద తలుపు తెరుచుకుంది. పాట డప్పులతో, వయొలిన్లతో హాలు నాలుగు గోడల నుంచీ మీద పడింది. ఆవిడ వంటింటి గుమ్మం దాకా నడిచినా పెరగలేదు, పక్కకు తిరిగినా తగ్గలేదు. బొత్తాం నొక్కింది.

పాట ఆగలేదు. మూడు సెకన్లు సాగి, తీరుబడిగా తగ్గింది.

"రేడియోకి దెయ్యం పట్టింది!" అని పకపకా నవ్వాను. వెనక వరుసలు కూడా అందుకున్నాయి.

అమ్మమ్మ లేచి నిలబడింది. "ఆపండి బొమ్మ!"

దీపాలు వెలిగాయి. నిర్మాత పరుగెత్తుకొచ్చాడు. "అమ్మగారూ, అంత మంచి పాట డబ్బాలోంచి వినిపిస్తే జనం తిడతారు. నేనే క్లియర్‌గా పెట్టించాను. పాట అదేగా!"

"పాట అదే. వినేదెవరు? ఆవిడ వినని పాటని ఆవిడెలా ఆపుతుందయ్యా? మొగుడు పోయిన మనిషిని నిలబెట్టి నవ్వులపాలు చేశారు!"

"చివర్లో మెల్లగా తగ్గితే అందంగా ఉంటుందనీ..."

"మీ ఇంట్లో రేడియో కట్టేస్తే అందంగా తగ్గుతుందా? పైన పాటే కావాలంటే వేసుకోండి, నాకేం పట్టింపు లేదు. కానీ రేడియో తీసెయ్యండి, బొత్తాం నొక్కే ఆ చెయ్యి కూడా తీసెయ్యండి. రేడియో ఉంచితే మాత్రం నా శబ్దం ఉంచండి. లేదంటే నా పేరు తీసెయ్యండి!"

ముప్పై ఏళ్ళలో ఆమె పేరు తీసేయమనడం అదే మొదటిసారి. అది విని నేను నవ్వడం మానేశాను.

అప్పటిదాకా గోళ్ళు కొరుక్కుంటున్న కుర్ర దర్శకుడు నోరు తెరిచాడు. "అమ్మగారు చేసిందే పెడదాం సార్. నవ్వారు కదా, విన్నారుగా."

రెండు రోజుల తర్వాత మళ్ళీ ఆట. తలుపు అవతల పాట దుప్పటి కప్పుకుని ఉంది. తలుపు తెరవగానే ముక్కుగొంతుతో స్పష్టమైంది, ఆవిడ దగ్గరకు వెళ్తుంటే పెరిగింది. ఎంత సంతోషంగా పాడుతోందో! నాకు ఆ రేడియోని నేలకేసి కొట్టాలనిపించింది. బొత్తాం టక్కుమంది. పాట మాట మధ్యలో తెగిపోయింది. అప్పటిదాకా వినబడని కుళాయి చుక్క అప్పుడు వినబడింది.

ఈసారి హాల్లో ఎవరూ నవ్వలేదు.

ఇంటికి వస్తున్నంతసేపూ అమ్మమ్మ నాతో మాట్లాడలేదు. ఆ కోపం నిర్మాత మీద కాదని గుమ్మం దగ్గర అర్థమైంది. మంచి చేసుకుందామని, "నీ గురించి రాస్తున్నా అమ్మమ్మా. చివర్లో నువ్వు గెలిచావని రాయనా?" అన్నాను.

"మొదట నవ్వింది నువ్వేనని రాయి."