శేషం మైనస్ రెండు

మా అన్నయ్య నూజివీడు క్యాంపస్‌లో కంప్యూటర్ ఆర్గనైజేషన్ చెప్పేవాడు. చలికాలంలో పక్షవాతం వచ్చింది. వేసవి నాటికి కాలు కుదురుకుంది, మాట కూడా చాలావరకు తిరిగొచ్చింది. సెలవులయ్యాక క్లాసులోకి రావాలంటే ముందు ఒక డెమో పాఠం చెప్పి చూపించమని డిపార్ట్‌మెంట్ హెడ్ అడిగారు. మర్యాదగానే అడిగారు. అన్నయ్య మాత్రం ఆ రోజు నుంచి అన్నం సరిగా తినలేదు.

రిహార్సల్ రెడ్డిగూడెంలో మా మామిడితోట షెడ్డులో పెట్టుకున్నాం. కోతలు అయిపోవచ్చాయి. లారీ లోడు వివరాలు రాసుకునే నల్లబల్ల ఖాళీగా ఉంది. వినడానికి వదినా, నేనూ కూర్చున్నాం. అన్నయ్య దగ్గర చదువుకుని, ఇప్పుడు అదే డిపార్ట్‌మెంట్‌లో పాఠాలు చెబుతున్న అమ్మాయి కూడా బస్సులో వచ్చింది. తప్పులుంటే చెప్పమని ఆమెను తనే పిలిచాడు.

ఏడును మూడుతో భాగించాలని బల్ల మీద రాశాడు.

"ఏడు కాయలు ముగ్గురికి పంచడానికి ఇంత హంగామానా అండీ?" అంది వదిన.

"నీకు ఎక్కం వచ్చు. మెషీన్‌కి రాదు. కూడటం, తీసెయ్యటం, పక్కకి జరపటం, అంతే దానికి తెలిసింది," అన్నాడు అన్నయ్య. చాలా రోజుల తరవాత అతని గొంతులో పాత హుషారు వినిపించింది.

మెషీన్‌కి ఉన్నవి సున్నా, ఒకటి అంకెలే. ఆ లెక్కలో ఏడు అంటే వరసగా మూడు ఒకట్లు. చేతిలో సున్నాతో మొదలుపెట్టాలి. ప్రతిసారీ చేతిలో ఉన్నదాన్ని రెట్టింపు చేసి, ఏడులోని తరవాతి ఒకటిని కలిపి, అందులోంచి మూడు తీసెయ్యాలి. మొదట ఒకటి. మూడు తీస్తే మైనస్ రెండు. అంటే చాల్లేదు. భాగఫలంలో సున్నా వేసి, తీసిన మూడును తిరిగి కలిపేశాడు. మళ్లీ ఒకటి. రెట్టింపు చేసి ఒకటి కలిపితే మూడు. మూడు తీస్తే సున్నా, భాగఫలంలో ఒకటి. మూడోసారి ఒకటి, మూడు తీస్తే మైనస్ రెండు, భాగఫలంలో సున్నా. మూడు తిరిగి కలిపితే ఒకటి. భాగఫలం సున్నా ఒకటి సున్నా, అంటే రెండు. శేషం ఒకటి. తీసింది తిరిగి కలుపుతారు కాబట్టి ఇది రిస్టోరింగ్ పద్ధతి. ఎక్కడా తడబడలేదు. వదిన నా వైపు చూసి కళ్లు తుడుచుకుంది.

తరవాత నాన్‌రిస్టోరింగ్. చాలనప్పుడల్లా తిరిగి కలపడం దండగ పని అన్నాడు. మైనస్ వస్తే దాన్ని అలాగే ఉంచి, తరవాతి అడుగులో తీసెయ్యడానికి బదులు కలిపితే సరిపోతుంది. మొదటి అడుగు అదే, మైనస్ రెండు, భాగఫలంలో సున్నా. దాన్ని రెట్టింపు చేసి ఒకటి కలిపితే మైనస్ మూడు. చేతిలో ఉన్నది మైనస్ కాబట్టి ఈసారి మూడు కలిపాడు. సున్నా వచ్చింది, భాగఫలంలో ఒకటి. సున్నాను రెట్టింపు చేసి ఒకటి కలిపితే ఒకటి. మూడు తీస్తే మైనస్ రెండు, భాగఫలంలో సున్నా.

భాగఫలం రెండు అని రాశాడు. శేషం మైనస్ రెండు అని రాసి, కింద గీత కొట్టి, చేతులు దులుపుకున్నాడు.

"సార్, ఒక్కసారి సరిచూద్దామా?" అంది ఆ అమ్మాయి.

రెండు మూళ్లు ఆరు. ఆరులోంచి రెండు పోతే నాలుగు. ఏడు రాలేదు. అన్నయ్య బల్లకేసి చూస్తూ నిలబడ్డాడు. తరవాత నెమ్మదిగా, చివర్లో మైనస్ మిగిలితే ఒక్కసారి మూడు కలపాలి కదమ్మా అని, కలిపి ఒకటి చేశాడు. దారిలో తిరిగి కలపకుండా వచ్చినా, ఆఖర్న ఆ ఒక్కటీ తప్పదని మాకు వివరించాడు కూడా. భాగఫలం ఎలాగూ సరిగ్గానే వస్తుంది, అందుకే పిల్లలు ఆ దిద్దుబాటు మర్చిపోతారు, ఏటా అక్కడే మార్కులు కోసేవాణ్ణి అన్నాడు.

బల్ల తుడిచి మళ్లీ మొదలుపెట్టాడు. అడుగులన్నీ సరిగ్గా వచ్చాయి. మళ్లీ మైనస్ రెండు దగ్గరే గీత కొట్టి, చేతులు దులుపుకుని మా వైపు తిరిగాడు.

మా మొహాలు చూసి తనే బల్ల వైపు తిరిగాడు. అక్కడేం తక్కువైందో వెతికాడు. చాలాసేపు దొరకలేదు.

"అలసిపోయారు సార్, అంతే. రేపు చూద్దాం," అంది ఆ అమ్మాయి.

"నువ్వు నా పేపర్లో ఇలా రాసుంటే, అలసిపోయావని వదిలేసేవాణ్ణా అమ్మా?"



అన్నయ్య నన్ను ఫోన్ అడిగాడు. హెడ్‌కు తనే చేశాడు. డెమో అక్కర్లేదండీ, ఆ సబ్జెక్టు ఈ అమ్మాయికి ఇవ్వండి అన్నాడు. కారణం చెప్పలేదు. అవతల ఆయన ఏదో అంటుంటే, సరేనండి, సరేనండి అంటూ విని పెట్టేశాడు. వదిన లేచి కాయల మీద గడ్డి సర్దడం మొదలుపెట్టింది. సర్దాల్సినంత గడ్డి అక్కడ లేదు.

"క్లాసులో ఏ అంకెలతో చెప్పమంటారు సార్?" అని అడిగింది ఆ అమ్మాయి, సుద్దముక్క తీసుకుంటూ.

"ఏడు, మూడే చెప్పు. చివర్లో మైనస్ వస్తుంది. పిల్లలు అది చూడాలి," అని అన్నయ్య వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె చెబుతుంటే విద్యార్థిలా విన్నాడు. మూడో అడుగు అయ్యాక ఆమె కావాలనే ఆగి, ఇప్పుడేం చెయ్యాలన్నట్టు మా వైపు చూసింది. అన్నయ్య పెదాలు కదిలాయి గాని, మూడు కలపాలన్న మాట రాలేదు.